‘సార్, ఇది ఏ మెథడ్?’: నాలుగు వారాల సర్క్యూట్ ప్రాక్టీస్‌పై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేస్ బీటెక్ రెండో ఏడాది ఈఈఈ చదువుతున్న ఒక అమ్మాయిది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా రెండో ఏడాదిలో చేరింది. ఊరు, కాలేజీ, మరే గుర్తూ లేకుండా రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను కూడా. నేను చాలా ఏళ్లుగా ఎలక్ట్రికల్ సర్క్యూట్స్ చెబుతున్నాను. సాయంత్రాలు కొందరు పిల్లలు డౌట్లు పట్టుకుని ఇంటికి వస్తుంటారు. అలా వచ్చిన వాళ్లలో ఈమె ఒకరు.

వచ్చేసరికి సెమిస్టర్ పరీక్షకు సరిగ్గా నాలుగు వారాలుంది. కాలేజీ బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. మిగతా సబ్జెక్టులు పోగా సర్క్యూట్స్‌కి రోజూ గంటన్నర, ఆదివారం మూడు గంటలు ఇవ్వగలనంది. అంటే వారానికి పన్నెండు గంటలు, మొత్తం నలభై ఎనిమిది. థియరీ, డెరివేషన్లు ఉదయం బస్సులో చదువుకుంటానంది కాబట్టి ఈ గంటలన్నీ ప్రాబ్లమ్స్‌కే వాడదామనుకున్నాం.

సమస్య

మొదటి మిడ్‌లో ఆమెకు సగం మార్కులు కూడా రాలేదు. చదవక కాదు. నోట్సు తెచ్చి చూపించింది. నూటికి పైగా ప్రాబ్లమ్స్ స్కేలు పెట్టి గీసిన బొమ్మలతో, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టిన జవాబులతో ఉన్నాయి. ఇంత చేసిన పిల్లకు మార్కులు ఎందుకు రాలేదో ఆ నోట్సు చూస్తే అర్థం కాలేదు. దాన్ని పక్కన పెట్టించి, ఒక తెల్లకాగితం మీద సర్క్యూట్ గీసి ఇచ్చాను.

24 వోల్టుల సోర్స్, దానికి సిరీస్‌లో 6 ఓముల రెసిస్టర్, ఆ రెండో కొస A అనే నోడ్. A నుంచి గ్రౌండ్‌కి 3 ఓములు ఒకటి, 4 ఓములు ఒకటి. గ్రౌండ్ నుంచి A లోకి 2 ఆంపియర్లు పంపే కరెంట్ సోర్స్ ఒకటి. 4 ఓముల రెసిస్టర్‌లో కరెంట్ ఎంత? ప్రశ్న అంతే.

ఆమె ఒక నిమిషం బొమ్మనే చూసింది. తర్వాత తలెత్తి, “సార్, ఇది ఏ మెథడ్‌లో చేయాలి?” అంది.

నాకు అసలు సమస్య ఆ మాటలోనే దొరికింది. “నోడల్‌లో చెయ్యమ్మా” అన్నాను. వెంటనే పెన్ను కదిలింది. సమీకరణం రాసింది, లెక్క కట్టింది, A దగ్గర వోల్టేజ్ మైనస్ 4.8 అని తేల్చింది. మెథడ్ చెప్పాక కూడా జవాబు తప్పే వచ్చింది. అంటే తప్పులు రెండు రకాలు. ఒకటి, ఏ దారిన వెళ్లాలో తెలియకపోవడం. రెండు, దారి చూపించినా సైన్ దగ్గర జారిపోవడం. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. కలిపి చూస్తే “ప్రాబ్లమ్స్ రావట్లేదు” అన్న ఒక్క మాటే మిగులుతుంది, దానికి ఎవరైనా “ఇంకా ప్రాక్టీస్ చెయ్యి” అంటారు. అప్పటికి ఆమె చేసింది అదే.

పరీక్షలో కొన్ని ప్రశ్నలు మెథడ్ పేరు పెట్టే అడుగుతాయి. “నోడల్ అనాలిసిస్ ద్వారా కనుక్కోండి” అంటారు. వాటికి స్టెప్స్ తడబడకుండా వస్తే చాలు. కానీ కొన్నిటిలో “ఫలానా రెసిస్టర్‌లో కరెంట్ కనుక్కోండి” అని మాత్రమే ఉంటుంది. అక్కడ ఎంపిక విద్యార్థిదే. ప్లాన్ ఈ రెండు రకాలకూ పనికిరావాలి.

మొదట వేసుకున్న ప్లాన్

యూనిట్ల వారీగా కాకుండా మెథడ్ వారీగా ప్రాబ్లమ్స్ గుంపులు చేశాను. కారణం ఉంది. సిలబస్‌లో డీసీ సర్క్యూట్లు ఒక యూనిట్, ఏసీ ఇంకో యూనిట్, థియరమ్స్ మరో యూనిట్. కానీ నోడల్ అనేది మూడింటిలోనూ అదే నోడల్. యూనిట్ల వారీగా చదివే పిల్లలు దాన్ని మూడు వేర్వేరు విషయాలనుకుని మూడుసార్లు మొదటి నుంచి నేర్చుకుంటారు. అందుకే మొదటి వారం నోడల్ మూడు రోజులు, మెష్ మూడు రోజులు పెట్టాను. రెండో వారం సోర్స్ ట్రాన్స్‌ఫర్మేషన్, సూపర్‌పొజిషన్ రెండు రోజులు, థెవెనిన్, నార్టన్ నాలుగు రోజులు. మూడో వారం ట్రాన్సియెంట్స్, ఏసీ. నాలుగో వారం పాత పేపర్లు. ప్రతి మెథడ్‌లోనూ తేలిక ప్రాబ్లమ్స్ నుంచి కష్టమైన వాటి దాకా వరసగా పెట్టాను.

మొదటి రోజంతా ఆ మైనస్ 4.8 మీదే గడిపాం. ఆమె రాసింది ఇది:

```
(24 - V)/6 + V/3 + V/4 = 2
```

ఒక బ్రాంచ్‌లో కరెంట్ A లోకి వస్తుందని ఊహించింది, మిగతా రెండింటిలో బయటికి పోతుందని ఊహించింది, మూడింటినీ ఒకే వైపు కూడేసింది. డిప్లొమా నుంచీ ఆమెకు అలవాటు అదే. ముందు బొమ్మ మీద బాణాలు గీయడం, వాటి దిక్కు సరైనదో కాదో అని మథనపడటం, తర్వాత సమీకరణం. దిక్కు ఊహించడం తప్పేమీ కాదు. ఊహించింది సమీకరణం దాకా నిలవకపోవడమే తప్పు.

బాణాలు గీయడం మాన్పించాను. ఒకటే నియమం పెట్టాను. ఏ నోడ్ దగ్గర నిలబడితే, అన్ని రెసిస్టర్లలోనూ కరెంట్ ఆ నోడ్ నుంచి బయటికే పోతుందనుకో. ప్రతి పదం ‘నా వోల్టేజ్ మైనస్ అవతలి వోల్టేజ్, బై రెసిస్టెన్స్’. నా వోల్టేజ్ ఎప్పుడూ ముందు. కరెంట్ సోర్స్ లోపలికి పంపేది కుడి వైపు. నిజంగా కరెంట్ లోపలికి వస్తుంటే ఆ పదం తనంతట తానే నెగటివ్ అవుతుంది, దాని గురించి మనకు బెంగ అక్కర్లేదు.

```
(V - 24)/6 + V/3 + V/4 = 2
2V - 48 + 4V + 3V = 24
9V = 72,  V = 8
```

4 ఓములలో కరెంట్ 2 ఆంపియర్లు. అక్కడితో ఆపనివ్వలేదు. “ఈ 8 సరైనదని జవాబుల పేజీ చూడకుండా ఎలా చెప్తావు?” అని అడిగాను. 24 వోల్టుల సోర్స్ A ని పైకి నెడుతోంది, కరెంట్ సోర్స్ కూడా లోపలికే పంపుతోంది. రెండూ పైకి నెట్టేటప్పుడు A నెగటివ్ కావడానికి దారే లేదు. మైనస్ 4.8 చూడగానే అనుమానం రావాలి. ఆ తర్వాత పవర్ లెక్క. వోల్టేజ్ సోర్స్ ఇచ్చే కరెంట్ 16/6, అంటే 2.67. పవర్ 64 వాట్లు. కరెంట్ సోర్స్ ఇచ్చేది 8 ఇంటూ 2, 16 వాట్లు. మొత్తం 80. మూడు రెసిస్టర్లు తినేది 42.67, 21.33, 16. అదీ 80. ఈ చెక్‌కు రెండు నిమిషాలు పడుతుంది. పరీక్షలో ప్రతిదానికీ చేయలేరు, కానీ ప్రాక్టీస్‌లో ప్రతిదానికీ చేయించాను. జవాబు సరైనదా కాదా అన్నది పుస్తకం చివరి పేజీ కాకుండా సర్క్యూట్టే చెబుతుందని ఆమెకు అలవాటు కావాలి.

పని చేయనివి

మొదటి దెబ్బ మూడో రోజునే తగిలింది. డీసీ నోడల్, ఏసీ నోడల్ ఒకటే అని చూపించాలన్న ఉత్సాహంలో ఆ రోజు j ఉన్న ప్రాబ్లమ్స్ ఇచ్చేశాను. ఒక్క ప్రాబ్లమ్‌కి నలభై నిమిషాలు పట్టింది. కాంప్లెక్స్ భాగహారంలో ఎక్కడో తప్పు, కాల్క్యులేటర్‌లో డిగ్రీలా రేడియన్లా అన్న గందరగోళం. చివరికి జవాబు తప్పొచ్చింది, కానీ తప్పు నోడల్‌లో జరిగిందా, అంకగణితంలోనా అన్నది మా ఇద్దరికీ తెలియలేదు. తప్పు ఎక్కడుందో తెలియని ప్రాక్టీస్ వల్ల నేర్చుకునేది ఏమీ ఉండదు. ఆ రోజు ఆమె బాగా టెన్షన్ పడి వెళ్లింది.

మర్నాడు మార్చాను. ఏసీ ప్రాబ్లమ్స్ తీసెయ్యలేదు. సమీకరణం రాసి ఆపెయ్యమన్నాను. 4 ఓముల బదులు 4 + j3 ఉంటే ఆ పదం V/(4 + j3) అవుతుంది, నియమం మారదు. అక్కడితో పెన్ను కింద పెట్టాలి. అలా ఒక్కోటి నాలుగు నిమిషాల్లో అయింది, డీసీకీ ఏసీకీ తేడా లేదన్నది కూడా అర్థమైంది. లెక్క కట్టడం మూడో వారానికి వాయిదా వేశాం. అప్పుడు కాల్క్యులేటర్‌లోని CMPLX మోడ్ మీద విడిగా ఒక సాయంత్రం కూర్చున్నాం.

రెండో దెబ్బ పెద్దది. అందులో తప్పు నాదే. మొదటి ఆదివారం టెస్టులో సగం ప్రాబ్లమ్స్ నోడల్ అన్న హెడింగ్ కింద, సగం మెష్ అన్న హెడింగ్ కింద ఇచ్చాను. దాదాపు అన్నీ చేసింది. నాకు సంతోషమేసింది, ప్లాన్ పని చేస్తోందనుకున్నాను. రెండో వారం థెవెనిన్ కూడా అలాగే సాగింది. రోజువారీ ఐదింటిలో నాలుగు సరిగా వస్తున్నాయి.

రెండో ఆదివారం హెడింగులు తీసేసి ఆరు ప్రాబ్లమ్స్ ఇచ్చాను. రెండే చేసింది.

ఆ ఆరింటిలో మొదటి రోజు చేసిన సర్క్యూట్ కూడా ఉంది, ప్రశ్న మాత్రం మార్చాను. 4 ఓముల చోట లోడ్‌గా ముందు 1 ఓము, తర్వాత 4, తర్వాత 10 పెడితే ఒక్కోసారి కరెంట్ ఎంత అని. ఆమె నోడల్ సమీకరణం మూడుసార్లు రాసింది. మెథడ్‌గా తప్పు కాదు. కానీ పావుగంట పట్టింది, మూడోదాంట్లో కసాగు దగ్గర జారింది. లోడ్ తీసేసి A దగ్గర చూస్తే థెవెనిన్ వోల్టేజ్ 12, రెసిస్టెన్స్ 6 కీ 3 కీ పారలల్, అంటే 2. ఇక లోడ్ మారినప్పుడల్లా భాగహారం ఒక్కటే: 12/3, 12/6, 12/12. కరెంట్లు 4, 2, 1. థెవెనిన్ ఆమెకు వచ్చు. దానికి ముందు నాలుగు రోజులూ అదే చేసింది. ఇక్కడ వాడాలని మాత్రం తోచలేదు.

ఎందుకు తోచలేదని ఆమెనే అడిగాను. కాసేపు ఆలోచించి, “రోజూ పేజీ మీద పేరు ఉండేది కదా సార్” అంది.

అదే జరిగింది. మెథడ్ వారీగా గుంపు చేస్తే స్టెప్స్ గట్టిపడతాయి, నిజమే. కానీ గుంపు పేరే సగం జవాబు చెప్పేస్తుంది. థెవెనిన్ పేజీలో ఐదో ప్రాబ్లమ్ చేస్తున్నప్పుడు బొమ్మ వంక చూసి దారి వెతకాల్సిన పని లేదు. పరీక్షలో అడిగేది ఆ వెతకడమే, నేను రెండు వారాలు దాన్ని ఒక్కసారి కూడా చేయించలేదు. రోజువారీ ఐదింటికి నాలుగు అన్నది ఆమె శక్తికి కొలత కాదు. నేను పెట్టిన హెడింగ్‌కి కొలత.

పని చేసినవి

గుంపులు మొత్తం పారేద్దామా అని ఆలోచించాను. వద్దనుకున్నాను. రెండు వారాల ముందు నోడల్ సమీకరణంలోనే సైన్ తప్పుతున్న పిల్లకు అప్పుడే అన్నీ కలిపి ఇచ్చి ఉంటే, మూడో రోజు ఏసీతో జరిగినట్టే ఏ తప్పు ఎక్కడిదో తెలియకుండా పోయేది. గుంపులు వాటి పని చేశాయి. ఇక వాటిని చెదరగొట్టాలి.

పాత ప్రాబ్లమ్స్, కొత్తవి కలిపి నలభై ఎనిమిది జిరాక్స్ తీయించి, కత్తిరించి, పాత శుభలేఖల అట్టముక్కల మీద అంటించమన్నాను. ముందు వైపు బొమ్మ, ప్రశ్న మాత్రమే. వెనక మెథడ్ పేరు పెన్సిల్‌తో. అన్నీ ఒక స్వీట్ల డబ్బాలో వేసింది. మూడో వారం ప్రతి సాయంత్రం మొదటి అరగంట ఆ డబ్బాకే. కళ్లు మూసుకుని ఒక చీటీ తీయాలి, రెండు నిమిషాల్లో మూడు మాటలు చెప్పాలి: ఏ మెథడ్, ఎందుకు, ఎన్ని సమీకరణాలు. లెక్క చేయకూడదు. తొమ్మిది పది చీటీలు అయ్యాక వాటిలో ఒక్కటి మాత్రం పూర్తిగా చేయాలి.

లెక్క ఎందుకు వద్దన్నానంటే, ఎంపికను ఎక్కువసార్లు చేయించాలి. పూర్తిగా చేస్తే అరగంటలో రెండే అవుతాయి. ఎంపిక వరకే అయితే పది అవుతాయి.

‘ఎన్ని సమీకరణాలు’ అన్న ప్రశ్న బాగా పనికొచ్చింది. నోడల్‌లో రిఫరెన్స్ తీసేసి, వోల్టేజ్ సోర్స్ వల్ల ముందే తెలిసిపోయిన నోడ్‌లు కూడా తీసేసి, మిగిలినవి లెక్కపెట్టాలి. మెష్‌లో గడులు లెక్కపెట్టి, కరెంట్ సోర్స్ వల్ల తెలిసినవి తీసెయ్యాలి. పైన చెప్పిన సర్క్యూట్‌లో నోడల్‌కు తెలియనిది A ఒక్కటే. మెష్ అయితే గడులు మూడు, కరెంట్ సోర్స్ రెండు గడుల మధ్య ఉంటే సూపర్‌మెష్ కూడా. ఒకే సర్క్యూట్ రెండు దారుల్లో చేయించి చూపించాక, “మెష్ నాకు బాగా వచ్చు కాబట్టి మెష్” అనడం మానేసింది.

లెక్కింపు ఒక్కటే చాలదు. ప్రశ్న ఏమడుగుతోందో కూడా చూడాలి. లోడ్ ఒక్కటే మారుతోందా, గరిష్ఠ పవర్ అడిగారా, అయితే థెవెనిన్. ఒక్కో సోర్స్ వల్ల ఎంత అని అడిగితే సూపర్‌పొజిషన్. అన్ని చోట్లా వోల్టేజ్ కావాలంటే నోడల్. ఇవి నేను చెప్పి రాయించలేదు. చీటీ వెనక తన మాటల్లో కారణం రాసుకోమన్నాను. థెవెనిన్ చీటీల వెనక ఎక్కువగా “ఒక్కటే మారుతోంది” అని రాసుకుంది. నా మాటల కన్నా ఆ మాట ఆమెకు పరీక్ష హాల్లో తొందరగా గుర్తొస్తుంది.

సూపర్‌పొజిషన్‌లో అందరూ పడే గుంట ఒకటుంది, ఈమె కూడా పడింది. అదే సర్క్యూట్‌లో 24 వోల్టులు మాత్రమే ఉంటే A దగ్గర 5.33, కరెంట్ సోర్స్ మాత్రమే ఉంటే 2.67, కూడితే 8. బాగుంది. 4 ఓములలో పవర్ అడిగితే, ఒక్కోదానికి విడిగా పవర్ కట్టి 7.11, 1.78 కూడి 8.89 వాట్లు అంది. అసలు పవర్ 16. వోల్టేజ్, కరెంట్ కూడొచ్చు, పవర్‌లో వర్గం ఉంది కాబట్టి కూడకూడదు. చెప్తే వినడం వేరు. తను చేసిన రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడటం వేరు. మళ్లీ ఆ తప్పు చేయలేదు.

డిపెండెంట్ సోర్స్ ఉన్న థెవెనిన్ మీద మాత్రం చాలా సేపు నిలబడాల్సి వచ్చింది. 10 వోల్టుల సోర్స్, 2 ఓముల గుండా A కి. ఆ 2 ఓములలో A వైపు వచ్చే కరెంట్ ix. A నుంచి గ్రౌండ్‌కి 6 ఓములు. గ్రౌండ్ నుంచి A లోకి 2ix పంపే డిపెండెంట్ సోర్స్. థెవెనిన్ రెసిస్టెన్స్ కోసం ఆమె సోర్సులన్నీ ఆపేసి, 2 కీ 6 కీ పారలల్ కట్టి 1.5 ఓములు అంది.

ఇండిపెండెంట్ సోర్సునే ఆపాలి. డిపెండెంట్ సోర్స్ ఇంకో చోటి కరెంట్‌ను బట్టి నడుస్తుంది, అది సర్క్యూట్ స్వభావంలో భాగం, దాన్ని ఆపే హక్కు మనకు లేదు. ఇలాంటప్పుడు ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ కరెంట్ రెండూ కట్టి భాగించడం మంచి దారి.

```
ఓపెన్:  3(10 - V)/2 = V/6,  V = 9
షార్ట్:  ix = 10/2 = 5,  Isc = 5 + 2(5) = 15
Rth = 9/15 = 0.6
```

0.6 చూసి ఆమె నమ్మలేదు. “రెండు రెసిస్టర్ల పారలల్ కన్నా కూడా తక్కువ ఎలా వస్తుంది సార్?” అంది. మంచి ప్రశ్న. 10 వోల్టుల సోర్స్‌ను షార్ట్ చేసి, A దగ్గర బయటి నుంచి 1 వోల్ట్ పెట్టమన్నాను. ix మైనస్ అర అవుతుంది, కాబట్టి డిపెండెంట్ సోర్స్ A నుంచి ఇంకో 1 ఆంపియర్ లాగుతుంది. 6 ఓములు ఆరోవంతు, 2 ఓములు అర, డిపెండెంట్ సోర్స్ ఒకటి, మొత్తం 1.67 ఆంపియర్లు. 1 బై 1.67 అంటే 0.6. డిపెండెంట్ సోర్స్ అదనంగా లాగుతోంది కాబట్టే రెసిస్టెన్స్ తక్కువగా కనిపిస్తోందని అప్పుడు తృప్తి పడింది. ఈ ఒక్క సర్క్యూట్‌కి గంటన్నర పోయింది. పోనీ అనుకున్నాను. ఆ రోజుకి పెట్టుకున్న మిగతా నాలుగూ మర్నాటికి నెట్టేశాం.

ట్రాన్సియెంట్స్‌ని కొత్త పాఠంలా మొదలుపెట్టలేదు. మొదటి రోజు సర్క్యూట్టే మళ్లీ గీసి, 4 ఓముల చోట స్విచ్, ఖాళీగా ఉన్న 0.5 ఫారడ్ కెపాసిటర్ పెట్టాను. ఆమె వెంటనే, “ఒక్కటే మారింది, థెవెనిన్” అంది. 12 వోల్టులు, 2 ఓములు, టైమ్ కాన్‌స్టెంట్ 1 సెకను. కెపాసిటర్ వోల్టేజ్ 12(1 − e^(−t)). ఆ సాయంత్రం నాకు ప్లాన్ మీద మళ్లీ నమ్మకం కలిగింది. ఇంకా తప్పులు లేకపోలేదు. స్విచ్ వేసిన క్షణంలో కెపాసిటర్ కరెంట్ సున్నా అని రాసింది. మారకుండా నిలిచేది వోల్టేజ్, కరెంట్ కాదు. ఖాళీ కెపాసిటర్ ఆ క్షణంలో షార్ట్‌లా ఉంటుంది కాబట్టి కరెంట్ 12 బై 2, అంటే 6 ఆంపియర్లతో మొదలై తగ్గుతుంది. ఈ తప్పు చివరి వారం దాకా అప్పుడప్పుడూ తలెత్తుతూనే ఉంది.

తప్పుల పుస్తకం అని ఒకటి మొదటి వారం నుంచీ ఉంది కానీ, అందులో తప్పిన ప్రాబ్లమ్‌ని మళ్లీ మొత్తం నీట్‌గా ఎక్కించేది. ఉపయోగం లేకపోయింది. మూడో వారం నుంచి మూడు గడులే పెట్టాం: దారి తప్పు, సమీకరణం తప్పు, లెక్క తప్పు. ఒక్కో తప్పుకు ఒక్క గీత, పక్కన ఒక్క వాక్యం. మూడో వారం మొదట్లో గీతలన్నీ మొదటి గడిలో ఉండేవి. చివరికి మూడో గడిలోకి వెళ్లాయి. లెక్క తప్పులు మిగలడం నాకు ఊరటే. మార్కులు ఇచ్చేవాళ్లు సమీకరణం దాకా సరిగా ఉంటే చాలావరకు మార్కులు ఇస్తారు.

నాలుగో వారం

ఈ వారం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రోజు విడిచి రోజు పాత పేపర్లో సగం, గంటన్నరలో. మధ్య రోజుల్లో తప్పుల పుస్తకంలో ఎక్కువ గీతలున్న గడికి సంబంధించిన చీటీలు. ఒక్క విషయం మాత్రం ప్రత్యేకంగా చేయించాను. ఒక్కో యూనిట్ నుంచి రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు. ఆమె ప్రశ్న పొడుగు చూసి చిన్నది ఎంచుకునేది. చిన్న ప్రశ్నలో డిపెండెంట్ సోర్స్ దాక్కుని ఉంటే సగం దూరం వెళ్లి వెనక్కి తిరగాల్సి వచ్చేది. రెండు ప్రశ్నలకూ మెథడ్, సమీకరణాల సంఖ్య మార్జిన్‌లో రాసుకున్నాకే ఎంచుకోవాలన్నాను. డబ్బా చీటీలతో అప్పటికే చేతనైన పనే కాబట్టి రెండు ప్రశ్నలకూ కలిపి మూడు నిమిషాల కన్నా పట్టేది కాదు.

చివరి రెండు రోజులు కొత్త ప్రాబ్లమ్ ఏదీ ఇవ్వలేదు. తప్పుల పుస్తకంలో వాక్యాలు చదువుకోమన్నాను, అంతే.

ఫలితం, మళ్లీ చేస్తే మార్చేవి

పాసైంది, మిడ్‌తో పోలిస్తే బాగా మెరుగైంది. పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం ప్రశ్నపత్రం తెచ్చింది. మార్జిన్లలో చిన్న అక్షరాలతో “నోడల్ 2”, “థెవె, ఒక్కటే మారుతోంది” అని రాసుకుని ఉంది. ఒక ట్రాన్సియెంట్ ప్రాబ్లమ్‌లో ఇండక్టర్ దగ్గర స్విచ్ వేయకముందు పరిస్థితి కట్టడం మర్చిపోయానంది. అది నేను సరిగా చేయించలేదు. మూడో వారంలో కెపాసిటర్ మీదే సమయమంతా పోయింది.

ఈ ప్లాన్ అందుకోనివి కూడా ఉన్నాయి. త్రీ ఫేజ్ ప్రాబ్లమ్స్ రెండే చేశాం. కిర్చాఫ్ నియమాలే తెలియని వాళ్లకు నాలుగు వారాలు చాలవు. ఈమెకు డిప్లొమా పునాది ఉంది. రోజుకి గంటన్నర నిజంగా ఇచ్చింది, రెండు రోజులే మానేసింది. ఆ పునాది, ఆ సమయం లేకపోతే డబ్బా పని ఇంత త్వరగా జరిగేది కాదు.

మళ్లీ చేస్తే చీటీల డబ్బా పదిహేనో రోజు దాకా ఆపను. నోడల్, మెష్ రెండూ అయిపోయిన ఏడో రోజునే, ఉన్న రెండు మెథడ్స్‌తోనే, హెడింగ్ లేని టెస్టు పెడతాను. తర్వాత ఏ కొత్త మెథడ్ నేర్చుకుంటే దాని చీటీలు అదే సాయంత్రం డబ్బాలో పడాలి. నాకు పద్నాలుగో రోజు తెలిసింది అప్పుడు ఏడో రోజే తెలిసేది, ఇండక్టర్‌కు ఒక వారం మిగిలేది.

డబ్బా ఆమె నా దగ్గరే వదిలి వెళ్లింది. అందులోంచి కెపాసిటర్ చీటీలు నాలుగు తీసేసి, ఇండక్టర్‌వి ఆరు కలిపాను. ఈ మధ్య ఒక జూనియర్ కుర్రాడు డౌట్లతో వచ్చాడు. కూర్చోగానే ముందుగా డబ్బా అతని ముందు పెట్టి, ఒక చీటీ తీయమన్నాను.